హీమోలైజ్ అయిన శాంపిల్‌లో పొటాషియం: నోట్ రాసి ఇవ్వాలా, లెక్కగట్టి ఇవ్వాలా, మళ్లీ తీయించాలా?

పుత్తూరు కలెక్షన్ సెంటర్ నుంచి తిరుపతి ల్యాబ్‌కి ఒక ట్యూబు వచ్చిందనుకుందాం. పేషెంటుకు 58 ఏళ్లు, కిడ్నీలు కాస్త దెబ్బతిన్నాయి, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటున్నాడు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీస్తే సీరం లేత పసుపుగా లేదు, పలచటి దానిమ్మ రసంలా ఉంది. పొటాషియం లీటరుకు 6.3 మిల్లీమోల్ వచ్చింది, ఎర్ర కణాలు పగిలి సీరంలో ఎంత హిమోగ్లోబిన్ కలిసిందో చెప్పే హీమోలిసిస్ ఇండెక్స్ 250. ఈ 6.3 పేషెంటుదా, ట్యూబుదా?

ప్లాస్మాలో పొటాషియం 4 దగ్గర ఉంటే, ఎర్ర కణం లోపల సుమారు 100 ఉంటుంది. కణం పగిలితే అదంతా సీరంలోకి వస్తుంది. ఎంత వస్తుందో చిన్న లెక్కతో చూడొచ్చు. కణం లోపల డెసీలీటరుకు దాదాపు 33 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటుంది. సీరంలో డెసీలీటరుకు 100 మిల్లీగ్రాముల హిమోగ్లోబిన్ కనబడిందంటే, వెయ్యి పాళ్ల సీరంలో మూడు పాళ్ల కణద్రవం కలిసినట్టు. దాంతో పొటాషియం 0.3 పెరుగుతుంది.

కంటితో చూసి పట్టుకోవడం బాగానే ఉంటుంది గానీ, సుమారు 30-50 మిల్లీగ్రాములు దాటితే తప్ప ఎరుపు తెలియదు. కామెర్ల సీరంలోనైతే పసుపు ఎరుపును మింగేస్తుంది. పైగా ఒకరికి ‘కొంచెం’ అనిపించింది ఇంకొకరికి ‘బాగా’. ఎనలైజర్ కొద్ది మైక్రోలీటర్ల సీరాన్ని సెలైన్‌లో కలిపి, రెండు వేవ్‌లెంగ్త్‌ల దగ్గర (కొన్ని మెషీన్లలో 570, 600 నానోమీటర్లు) రంగు చూసి అంకె ఇస్తుంది. చాలా మెషీన్లలో ఆ అంకె ఇంచుమించు మిల్లీగ్రాముల లెక్కే. ఇక్కడ ఇండెక్స్‌దే పైచేయి, సందేహం లేదు. ఎమర్జెన్సీలో వాడే బ్లడ్ గ్యాస్ మెషీన్లలో చాలావాటికి మాత్రం ఈ చూపు లేదు. వాటిలోకి రక్తం మొత్తంగా వెళ్తుంది, సీరం వేరుపడదు. అందుకే అక్కడ పొటాషియం ఎక్కువొస్తే, సిరంజిలో మిగిలింది తిప్పి చూడటం మంచిది.

ఇప్పుడు ఆ 6.3ని ఏం చేయాలి?

‘శాంపిల్ హీమోలైజ్డ్’ అని నోట్ పెట్టి నంబరు ఇచ్చేయడం సులువు. కానీ వాట్సాప్‌లో ఫొటోగా వెళ్లే రిపోర్టులో అందరూ చూసేది నంబరే, కింది లైను కాదు.

లెక్కగట్టి తగ్గించడం తెలివైన పనిలా కనబడుతుంది. 250కి 0.75 తీసేస్తే 5.55. అయితే ఆ 0.3 అనేది సగటు మాత్రమే. పేషెంటును బట్టి, కణాలు పగిలిన తీరును బట్టి అది 0.2 కావచ్చు, 0.5 కావచ్చు. అంటే అసలు విలువ 5.05 నుంచి 5.8 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఒక కొసన డాక్టరు మాత్ర మార్చరు, రెండో కొసన ఆపేస్తారు. అంత ఎడముంటే 5.55 అని అచ్చు వేయడం ఊహను కొలతగా చూపించడమే.

మా ఓటు మూడోదానికి: పొటాషియం ఒక్కటి ఆపి, కారణం రాసి, ఫోన్ చేసి మళ్లీ తీయించడం. సోడియం లాంటి పెద్దగా చెదరని టెస్టులు ఇవ్వొచ్చు. ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ కూడా కణాల్లోంచి వచ్చేవే కాబట్టి వాటినీ ఆపాలి. ఏ ఇండెక్స్ దగ్గర ఆపాలో రీజెంట్ ఇన్‌సర్ట్ చూసి, ల్యాబే టెస్టువారీగా పెట్టుకోవాలి. పేషెంటు నీరసంగా ఉన్నా, ఈసీజీ తేడాగా ఉన్నా రెండో ట్యూబు కోసం చికిత్స ఆగకూడదు. ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పాలి.

ఎక్కువ వచ్చిన నంబరు కనీసం అనుమానం పుట్టిస్తుంది. మామూలుగా వచ్చినదే ప్రమాదం. ఫ్యూరోసెమైడ్, డిగాక్సిన్ వాడే మనిషికి ఇండెక్స్ 300, పొటాషియం 4.0 వచ్చిందనుకోండి. అసలుది 3.1 కావచ్చు. నోట్ పెట్టినా ఎవరూ తిరిగి చూడరు. అందుకే ఆపే నిబంధన ఎక్కువొచ్చిన వాటికే కాదు, అన్నింటికీ ఉండాలి.

రెండోసారి తీసేవాళ్లకు చెప్పాల్సినవి: ఐవీ క్యాన్యులాలోంచి లాగొద్దు, పెద్దవాళ్లకు 21 లేదా 22 గేజ్ సూది చాలు, స్పిరిట్ ఆరనివ్వాలి, టోర్నికే నిమిషం దాటొద్దు, సిరంజితో తీస్తే పిస్టన్ నొక్కి ట్యూబులోకి చిమ్మొద్దు. ట్యూబును మెల్లగా తలకిందులు చేయాలి, ఊపొద్దు. ఐసు మీద పంపొద్దు, చల్లదనానికి కణం పగలకుండానే పొటాషియం బయటికి వస్తుంది. అప్పుడు సీరం తేటగా ఉంటుంది, ఇండెక్స్ కూడా పట్టుకోదు.

జాగ్రత్తగా తీసిన రెండో ట్యూబు కూడా ఎర్రగానే వస్తే, తప్పు సూదిది కాకపోవచ్చు. జీ6పీడీ లోపం, రక్తం ఎక్కించాక రియాక్షన్ లాంటివాటిలో కణాలు ఒంట్లోనే పగులుతాయి. హాప్టోగ్లోబిన్ పడిపోతుంది, మూత్రం ఎర్రగానో నల్లగానో వస్తుంది. అక్కడ పొటాషియం నిజంగానే పేషెంటుది. ఆ శాంపిల్‌ని రిజెక్ట్ చేయకుండా, నంబరు చెప్పడానికి వెంటనే డాక్టరుకు ఫోన్ కలపాలి.