చార్ట్ ఫోటోలు తెలుగు చేయించుకునేవాళ్ళు ఈ సెల్లర్‌తో జాగ్రత్త!

"ఏ చార్ట్ అయినా ఒక్క రోజులో తెలుగులో" అని ఊదరగొడుతున్న సెల్లర్‌కి నేనూ ఒక చార్ట్ ఇచ్చాను. డబ్బు ముందే కట్టించుకున్నాడు, ఫైల్ పంపాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చార్ట్ మాత్రం పచ్చి అబద్ధం చెబుతోంది.

ఇచ్చింది పుస్తకం పేజీ నుంచి తీసిన బార్ చార్ట్ ఫోటో. నిలువు అక్షం మీద జనాభా, మిలియన్లలో. పక్కన అంకెలు 40, 50, 60. అక్షం సున్నా నుంచి మొదలవదు కాబట్టి 40 కింద చిన్న వంకర గీత పెట్టి అక్కడ తెగిందని చూపించారు. చివరి బార్ నిండా ఏటవాలు గీతలు, అంటే అది అంచనా.

ఈ మహానుభావుడు "మిలియన్లలో" తీసేసి "లక్షల్లో" అని రాశాడు. అంకెలు మాత్రం దానికి తగ్గట్టు మార్చలేదు. 60 మిలియన్లంటే 6 కోట్లు, ఇప్పుడది 60 లక్షలైంది. జనాభాలో పది వంతుల్లో తొమ్మిది వంతులు మాయం! మిలియన్లనైనా అలాగే ఉంచాలి, లేదా కోట్లలో కావాలంటే అక్షం మీది ప్రతి అంకెనూ 4, 5, 6గా మార్చి, కింది వ్యాఖ్యలో ఉన్న అంకెలూ మార్చాలి.

అడిగితే వచ్చిన జవాబు చూడండి: "భావం వస్తోంది కదండీ. నేను ట్రాన్స్‌లేటర్‌ని, లెక్కల మాస్టారిని కాదు." ఆహా! మరి మిలియన్‌ని లక్ష చేసిందెవరు, మా లెక్కల మాస్టారా?

అసలు ఒళ్ళు మండింది అక్షం అడుగు చూశాక. ఇంగ్లీషు చెరపడానికి వేసిన తెల్ల పట్టీ కింద ఆ వంకర గీత, 40 అంకె రెండూ పోయాయి. 40 దగ్గర మొదలైతే 50 బార్ కంటే 60 బార్ రెట్టింపు ఎత్తు కనిపిస్తుంది. నిజంగా ఎక్కువున్నది ఐదో వంతే. ఆ మోసం మూలంలోనూ కంటికి ఉంది, కానీ వంకర గీత హెచ్చరించేది. అది పోయాక చూసేవాళ్ళు అడుగే సున్నా అనుకుంటారు.

సూచికలోనూ అంతే. ఏటవాలు గీతల పెట్టెను, పక్కనున్న "అంచనా" అనే మాటను చోటు చాల్లేదని ఎత్తేశాడు. దాంతో అంచనా కాస్తా లెక్కించిన జనాభా అయిపోయింది. రీఫండ్ అడిగితే "పని పూర్తయింది" అని చాట్ మూసేశాడు. పూర్తయిందట!

ఇంకెవరికైనా ఇస్తుంటే ముందే చెప్పండి: చిత్రం మీద పట్టీలు వేయొద్దు, ప్రతి మాట పక్కన 1, 2, 3 అని గుర్తు పెట్టి తెలుగు కింద విడిగా రాయమనండి. వచ్చాక పాత ఫోటో, కొత్త ఫోటో ఒకే సైజులో ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూడండి. అక్షరాలు కాక ఇంకేం కదిలినా కనిపిస్తుంది. డబ్బు ఆ తర్వాతే.