‘ఫీజు సున్నా’ చూసి ఇంటికి డబ్బు పంపేవాళ్లూ, రేటు ఒకసారి చూసుకోండి

విదేశంలో జీతం తీసుకుంటూ నెలనెలా ఇంటికి పంపేవాళ్లకు ఈ హెచ్చరిక. ‘ఫీజు సున్నా’ అని పెద్ద అక్షరాలతో రాసుకునే సర్వీసులు ఊరికే పంపిపెట్టవు. ఫీజుగా తీసుకోనిది డాలరుకు ఇచ్చే మారకపు రేటులో కోసుకుంటాయి. ఆ కోత చాలాసార్లు రసీదులో విడిగా కనబడదు కాబట్టి ఏళ్ల తరబడి కడుతున్నా తెలియదు.

లెక్క వేసి చూడండి. ఇంట్లో లోన్ వాయిదాకు 48,000, ఖర్చులకు 24,000, మొత్తం నెలకు 72,000 రూపాయలు కావాలి. లెక్క తేలికగా ఉండటానికి మార్కెట్ రేటు డాలరుకు 80 అనుకుందాం. ఒక సర్వీసు ఫీజు లేదంటుంది కానీ రేటు 78.40 ఇస్తుంది. అంటే 72,000 అందాలంటే మీ ఖాతాలోంచి 918.37 డాలర్లు పోవాలి. ఇంకొకటి 4 డాలర్ల ఫీజు తీసుకుని 79.60 ఇస్తుంది. అక్కడ ఫీజుతో కలిపి 908.52 సరిపోతుంది. నెలకు దాదాపు 10 డాలర్ల తేడా, ఏడాదికి 118. ఫీజు లేనిదే ఇక్కడ ఖరీదైనది!

అలాగని ఫీజు ఉన్నదే ఎప్పుడూ మేలని కాదు. ఇవే రేట్లతో 100 డాలర్లు పంపితే ఫీజు లేనిచోట 7,840 రూపాయలు అందుతాయి, ఫీజు ఉన్నచోట 7,641 మాత్రమే. ఈ రెండింటికీ 265 డాలర్ల దగ్గర లెక్క సమానమవుతుంది. అంతకన్నా తక్కువ పంపేవాళ్లకు ఫీజు లేనిదే నయం. అందుకే స్థిరమైన ఫీజు ఉన్నచోట నెల డబ్బును నాలుగు ముక్కలు చేసి పంపకండి, నాలుగు ఫీజులు కడతారు.

పోల్చడానికి ఒక్క అంకె చాలు. ఇంటికి అందే రూపాయలను మీ ఖాతాలోంచి పోయే మొత్తంతో భాగించండి. పైన మొదటిదానికి 78.40, రెండోదానికి 79.25 వస్తుంది. ఏది పెద్దదైతే అది. ఈ లెక్క కన్‌ఫర్మ్ నొక్కే ముందు, ఒకే రోజు, ఒకే మొత్తానికి వేయాలి. ప్రకటనలో కనిపించే రేటుతో వేస్తే మోసపోతారు, ఎందుకంటే అది తరచూ కొత్తవాళ్ల మొదటి బదిలీకి ఇచ్చే రేటు, దానికీ ఒక పరిమితి ఉంటుంది. ఏడాది బడ్జెట్ ఆ రేటు మీద వేసుకున్నవాళ్లకు రెండో నెలలోనే లోటు పడుతుంది.

బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ వ్యవస్థలో బ్యాంకు నుంచి నేరుగా పంపేవాళ్లకు వేరే చిక్కు. దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకు తన చార్జీని పంపిన సొమ్ములోంచే కోసుకోవచ్చు. మీ రసీదు సరిగ్గానే ఉంటుంది, ఇంట్లో మాత్రం తక్కువ పడుతుంది. ఆ కొంచెం తక్కువకే లోన్ వాయిదా బౌన్స్ అయితే జరిమానా అదనం. ఫారంలో చార్జీల దగ్గర SHA, అంటే చార్జీలు ఇరువైపులా పంచుకోవడం, అని ఉంటే ఈ కోతకు అవకాశం ఉంది. OUR ఎంచుకుంటే ఆ చార్జీలు పంపేవాళ్ల మీద పడతాయి, అందేది దాదాపు పూర్తిగా అందుతుంది.

ఇక నెలకు ఎంత పంపాలన్నది. జీతంలో ఇంత శాతం అని కాకుండా, ఇంట్లో తప్పనిసరి ఖర్చు రూపాయల్లో ఎంతో అక్కడినుంచి వెనక్కి లెక్కించండి. రెండో సర్వీసు రేటు ఇవాళ్టికన్నా 5 శాతం పడిపోయిందనుకుని, అంటే 79.60 బదులు 75.62 దగ్గర, లెక్కేస్తే 72,000కు 952 డాలర్లు. ఫీజుతో కలిపి 956 పక్కన పెట్టండి. రేటు బాగున్న నెల మిగిలిన 40 డాలర్ల పైచిలుకు కూడా పంపేసి, ఇంటి ఖాతాలో ఒక వాయిదా, అంటే 48,000, నిల్వ అయ్యేదాకా కదపకండి. రేటు పడిన నెలలో ఆ నిల్వే ఆదుకుంటుంది.

రేటు పెరుగుతుందని తప్పనిసరి డబ్బును ఆపుకోవడం మాత్రం జూదమే. 900 డాలర్ల మీద 1 శాతం పెరిగితే వచ్చేది 9 డాలర్లు, అదీ పెరిగితేనే. సరైన సర్వీసు ఎంచుకుంటే అంతకన్నా ఎక్కువ ప్రతి నెలా ఖాయంగా మిగులుతుంది. ఆగదలిస్తే వాయిదాలు పోగా మిగిలే పొదుపు సొమ్ముతో ఆగండి.

శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది. సోమవారం రేటు ఎటు పోతుందోనని కొన్ని సర్వీసులు ఆ రెండు రోజులూ ఇంకొంచెం కోత పెంచుతాయి. వాయిదా తేదీ 5 అయితే, మధ్యలో సెలవులు లెక్కేసుకుని కనీసం నాలుగు పనిదినాల ముందే పంపండి. రేటు ఎప్పుడు ఖరారవుతుందో కూడా చూసుకోండి. కొన్నిచోట్ల ఆర్డర్ పెట్టగానే కాదు, మీ డబ్బు వాళ్ల ఖాతాలో పడ్డాకే ఖరారవుతుంది. అలాంటప్పుడు తెరమీద చూసిన అంకె అంచనా మాత్రమే.