రియలైజ్డ్ ప్రైస్, ఎంవీఆర్వీ: కింది గీత నాకు పనికొచ్చింది, పై గీత రాలేదు

నెలనెలా కొంత డబ్బు బిట్‌కాయిన్‌లో పెట్టి ఏళ్ల తరబడి అమ్మకుండా ఉంచుకునే పద్ధతి నాది. ఏ నెల మామూలుగా కొనాలో, ఏ నెల కాస్త ఎక్కువ కొనాలో తేల్చుకోవడానికి 2021 నుంచి రియలైజ్డ్ ప్రైస్, ఎంవీఆర్వీ అనే రెండు కొలతలనే చూస్తున్నాను. ఒక పూర్తి పతనం, ఒక పూర్తి పెరుగుదల వీటితోనే గడిచాయి కాబట్టి నా అభిప్రాయం రాస్తున్నాను.

బిట్‌కాయిన్ లెడ్జర్‌లో ప్రతి కాయిన్ చివరిసారి ఎప్పుడు చేతులు మారిందో కనిపిస్తుంది. ఆ రోజు మార్కెట్ ధరనే దాని కొనుగోలు ధర అనుకుందాం. అలా అన్ని కాయిన్లకూ లెక్కగట్టి కూడితే వచ్చేది రియలైజ్డ్ క్యాప్. దాన్ని మొత్తం కాయిన్ల సంఖ్యతో భాగిస్తే రియలైజ్డ్ ప్రైస్, అంటే మార్కెట్ మొత్తానికి సగటు కొనుగోలు ధర. ఇవాళ్టి ధర ఆ సగటుకు ఎన్ని రెట్లుందో చెప్పేదే ఎంవీఆర్వీ. 1 కంటే తగ్గితే సగటు కొనుగోలుదారు నష్టంలో ఉన్నట్టు. రియలైజ్డ్ క్యాప్‌ను 2018లో కాయిన్ మెట్రిక్స్ అనే డేటా సంస్థ వాళ్లు ముందుకు తెచ్చారు. అదే ఏడాది మురాద్ మహ్ముదోవ్, డేవిడ్ ప్యూల్ దాని మీద ఎంవీఆర్వీని కట్టి, 1 కింద చవక, 3.7 పైన ఖరీదు అన్నారు. ఆ 1నే కింది గీత అని, 3.7ను పై గీత అని అంటున్నాను.

ముందు కింది గీత గురించి. 2018 నవంబర్‌లో ధర రియలైజ్డ్ ప్రైస్ కిందికి దిగి, 2019 ఏప్రిల్ మొదట్లో గానీ పైకి రాలేదు. 2020 మార్చిలో కోవిడ్ భయంతో దిగినా కొద్ది రోజుల్లోనే తిరిగొచ్చింది. 2022లో మాత్రం కొనేవాడి ఓపికను బాగా పరీక్షించింది. మేలో టెర్రా అనే క్రిప్టో వ్యవస్థ కూలింది, జూన్‌లో సెల్సియస్ అనే క్రిప్టో రుణ సంస్థ ఖాతాదారుల డబ్బు తీయకుండా ఆపేసింది. జూన్ మధ్యలో ధర రియలైజ్డ్ ప్రైస్‌ను దాటి కిందికి వెళ్లింది. అప్పుడు ఆ గీత సుమారు 23,000 డాలర్ల దగ్గరుంది. ‘1 కిందికొచ్చింది, ఉన్నదంతా పెట్టేయొచ్చు’ అని 22,500 దగ్గర మొత్తం పెట్టినవాడు, నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ దివాలా తర్వాత 15,500 చూశాడు. చవక గీత దాటాక కూడా మూడో వంతుకు దగ్గరగా పోయిందన్న మాట. మధ్యలో కొన్ని వారాలు పైకొచ్చి ఊరించినా, గట్టిగా గీత మీదికి ఎక్కింది 2023 జనవరి మధ్యలోనే.

అందుకే ఆ గీత దగ్గర నేను ఒక్కసారిగా కొనను. దాని కింద ఉన్నంత కాలం నెలసరి మొత్తాన్ని రెట్టింపు చేస్తాను, ఆ రెట్టింపు ఏడాదంతా సాగినా సరిపోయేలా డబ్బు పక్కన ఉంచుకుంటాను. ఏడాది అనడానికి కారణం 2015. ఆ సంవత్సరంలో ఎక్కువ భాగం ధర సగటు కిందే గడిచింది. అడుగు ఎక్కడుందో ఈ కొలత చెప్పదు. ఎంత లోతైనా పోవచ్చు, కానీ ఇక్కడ కొన్నవాడు సగటు కొనుగోలుదారు కంటే చవగ్గా కొంటున్నాడు అని మాత్రం చెబుతుంది. దీర్ఘకాలానికి కొనేవాడికి ఆ ఒక్క మాటా చాలు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటి ఉంది. ఆ గీత నిలకడగా ఉండదు. మూడే కాయిన్లున్నాయనుకోండి. ఒకటి 5,000కు, ఒకటి 20,000కు, ఒకటి 60,000కు కొన్నవి. సగటు 28,333. ధర 18,000కు పడితే ఎంవీఆర్వీ 0.64. ఇప్పుడు 60,000కు కొన్నవాడు తట్టుకోలేక 18,000కే అమ్మేశాడు. ఆ కాయిన్ కొనుగోలు ధర ఇక 18,000, సగటు 14,333కు దిగింది, ఎంవీఆర్వీ 1.26 అయింది. ధర ఒక్క డాలర్ కూడా కదల్లేదు! అసలు మార్కెట్‌లో ఇది నెమ్మదిగా జరుగుతుంది. 2022 మధ్యలో 23,000 దగ్గరున్న రియలైజ్డ్ ప్రైస్ ఏడాది చివరికి 20,000 ప్రాంతానికి జారింది ఇలాగే. కాబట్టి ఎంవీఆర్వీ పెరిగిందంటే ధర పెరిగిందనుకోకూడదు. ఖరీదుగా కొన్నవాళ్లు నష్టానికి వదిలేసుకుని ఉండొచ్చు. ధర గీతనూ రియలైజ్డ్ ప్రైస్ గీతనూ విడివిడిగా చూస్తే ఏది జరిగిందో తెలిసిపోతుంది.

పై గీత సంగతి వేరు. 2013 శిఖరాల్లో ఎంవీఆర్వీ 5 దాటింది, 2017 చివర 4 దాటింది, 2021 మొదట్లో 4కు దగ్గరదాకా వెళ్లింది. అదే ఏడాది నవంబర్‌లో 69,000 డాలర్ల శిఖరం దగ్గర 3 కూడా చేరలేదు. 2025 అక్టోబర్‌లో ధర 1,26,000 తాకినప్పుడు సుమారు 2.3 దగ్గరే ఆగింది. 3.7 కోసం కాచుకున్నవాడు ఈ రెండు శిఖరాల్లోనూ కాచుకునే ఉండిపోయాడు. గీతను 3.2కు, ఆ తర్వాత 2.4కు దించి గీసేవాళ్లున్నారు. అది జరిగిపోయిన దానికి సరిపెట్టడమే అనిపిస్తుంది నాకు. కింది గీతకు నష్టం అనే గట్టి ఆధారముంది. లాభంలో ఉన్నవాడు ఎన్ని రెట్ల దగ్గర అమ్ముతాడన్న దానికి అలాంటి ఆధారం లేదు. పైగా ధర పెరిగేకొద్దీ పాత కాయిన్లు కొత్త ధరకు చేతులు మారి రియలైజ్డ్ ప్రైస్ కూడా ఎక్కుతుంది. సగటు 20,000 ఉన్నప్పుడు 3.2 రెట్లంటే 64,000. అదే సగటు 50,000 అయితే 1,60,000. దాన్ని ధర లక్ష్యంగా గోడకు రాసిపెట్టుకునే వీలు లేదు.

మన దేశంలో కొనేవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్, కలిపి 31.2 శాతం. 20,000 డాలర్లకు కొన్న కాయిన్‌ను 67,000కు అమ్మితే లాభం 47,000, పన్ను 14,664, చేతికొచ్చేది 52,336. ఎక్స్ఛేంజ్ రుసుములు పక్కన పెట్టినా, ధర 22 శాతం పడితే గానీ అదే కాయిన్ తిరిగి కొనలేం. పై గీత దగ్గర అమ్మి కింది గీత దగ్గర కొనే పద్ధతికి ఇంత పెద్ద మినహాయింపు ముందే పోతుంది. ఒకదాని నష్టాన్ని మరోదాని లాభంలో సర్దుకునే వీలూ లేదు. అందుకే ఎంవీఆర్వీ 2.4 దాటితే నేను చేసేది ఒక్కటే, నెలసరి కొనుగోలును సగానికి తగ్గించడం. అమ్మను.

కొలతలోనే ఉన్న లోపాలనూ చెప్పాలి. కాయిన్ కదిలితే అమ్మకమే అయి ఉండక్కర్లేదు. 2024 మే చివర్లో, దివాలా తీసిన పాత ఎక్స్ఛేంజ్ మౌంట్ గాక్స్ ట్రస్టీ సుమారు 1.4 లక్షల కాయిన్లను కొత్త వాలెట్లకు మార్చాడు. అప్పుడు ధర 68,000 దగ్గర. ఇలాంటి బదిలీలను తీసేయని లెక్కలో ఇది ఎక్కువలో ఎక్కువ 952 కోట్ల డాలర్లు. 1.97 కోట్ల కాయిన్లకు పంచితే రియలైజ్డ్ ప్రైస్ 480 డాలర్ల దాకా పెరిగినట్టు కనిపిస్తుంది, ఎవరూ ఏమీ కొనకుండానే. అంత పెద్ద వార్త అయినా గీత కదిలింది ఒక శాతం పైచిలుకే కాబట్టి నేను దీనికి పెద్దగా కంగారు పడను. ఒక్క రోజులో గీత హఠాత్తుగా ఎగిస్తే మాత్రం ఏదైనా ఎక్స్ఛేంజ్ వాలెట్లు సర్దుకుందేమో చూస్తాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఈటీఎఫ్‌లు. 2024 జనవరిలో అమెరికాలో స్పాట్ ఈటీఎఫ్‌లు, అంటే బిట్‌కాయిన్లను దాచి వాటి మీద షేర్లు అమ్మే ఫండ్లు వచ్చాయి. ఒకరి దగ్గరున్న ఈటీఎఫ్ షేరు ఇంకొకరు కొంటే కాయిన్ కదలదు, కొత్త యజమాని ధర లెడ్జర్‌కు తెలియదు. ఎక్స్ఛేంజ్ లోపల జరిగే కొనుగోళ్లదీ ఇదే కథ. మరోవైపు బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీవని భావించే 10 లక్షల పైచిలుకు కాయిన్ల కొనుగోలు ధర దాదాపు సున్నా. వాటి వల్ల సగటు అసలు ఉండాల్సిన దానికంటే తక్కువ కనిపిస్తుంది.

చార్టులకు డబ్బు కట్టక్కర్లేదు. కాయిన్ మెట్రిక్స్ ఉచిత కమ్యూనిటీ ఫైలు `btc.csv`లో రెండు నిలువు వరసలు చాలు:

```
realised_price = PriceUSD / CapMVRVCur
```

ఈ లెక్కలో రోజు యూటీసీ ప్రకారం, అంటే మనకు ఉదయం 5:30కి ముగుస్తుంది. నేను నెలకోసారి, కొనే ముందు రోజు మాత్రమే చూస్తాను. రోజూ చూసినా అంత నెమ్మదిగా కదిలే గీతలో కొత్తగా తెలిసేదేమీ ఉండదు.