షార్కో పాదం: ఐదున్నర నెలలు కట్టులో, రెండేళ్లుగా ప్రత్యేక బూటులో

నాకు షుగరు వచ్చి 19 ఏళ్లు, అరికాళ్లలో స్పర్శ పోయి ఆరేళ్లు. స్పర్శ పోయిన పాదంలో తెలియకుండానే ఎముకలు విరిగి కూలిపోయే జబ్బునే షార్కో పాదం అంటారు. దానికి వేసే ఫైబర్ కట్టును, ఆ తర్వాతి బూటును, ఇంట్లో పెట్టుకున్న థర్మామీటరును రెండున్నరేళ్లుగా వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. అయితే కట్టు పడేలోపు పోగొట్టుకున్న ఐదు వారాల సంగతి ముందు చెప్పకపోతే కట్టు విలువ అర్థం కాదు.

బస్సు దిగుతూ కుడికాలు కొద్దిగా మడతపడింది. నొప్పి లేదు కనుక మరచిపోయాను. నాలుగో రోజుకు పాదం ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే కాలుతున్నట్టుగా ఉంది. మొదట చూపించుకున్న చోట చర్మం కింద ఇన్ఫెక్షన్ అన్నారు, రెండుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు, గౌట్ కావచ్చని యూరిక్ ఆసిడ్ పరీక్ష కూడా చేయించారు. నాకు జ్వరం లేదు, పాదం మీద పుండు గానీ గీత గానీ లేదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవడంతో మామూలుగా నడవమన్నారు, నేనూ నడిచాను.

పాదాల వైద్యుడు చేసిన మొదటి పని రెండు పాదాల మీదా ఒకే చోట ఉష్ణోగ్రత కొలవడం. ఎడమది 30.8 డిగ్రీల సెల్సియస్, కుడిది 34.6. తేడా రెండు డిగ్రీలు దాటితే చాలు, అనుమానించాలట. పడుకోబెట్టి కాలు పైకెత్తి కొంతసేపు ఉంచితే ఎరుపు తగ్గింది; ఇన్ఫెక్షన్ అయితే సాధారణంగా అలా తగ్గదని ఆయన వివరించారు. ఎమ్మారైలో ఎముకల లోపల వాపు, పాదం మధ్య కీళ్ల దగ్గర సన్నని విరుగుళ్లు కనబడ్డాయి. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు కాబట్టి, అది బాగుందన్న ధైర్యంతో నడవడమే ఈ జబ్బులో జరిగే పెద్ద పొరపాటు.

దీన్ని అత్యవసరంగా చూడాల్సిన కారణం పాదం లోపల జరుగుతున్న పనిలో ఉంది. చిన్న దెబ్బ తగిలితే మామూలు మనిషి కుంటుతాడు, కాలు మోపడు, ఎముక అతుక్కుంటుంది. స్పర్శ లేనివాడు విరిగిన ఎముక మీదే బరువు వేస్తూ తిరుగుతాడు. దానివల్ల వాపు పెరుగుతుంది, ఆ వాపు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడుతుంది, మెత్తబడిన ఎముక తరువాతి అడుగుకే మళ్లీ విరుగుతుంది. ఇలా కొన్ని వారాల్లోనే అరికాలి వంపు కూలిపోతుంది. నా రెండో ఎక్స్‌రేలో పాదం మధ్య ఎముకలు కిందికి జారి ఉన్నాయి. అలా పొడుచుకువచ్చిన ఎముక మీద పుండు పడి, ఇన్ఫెక్షన్ ఎముకకు పాకితే కాలు తీసేయాల్సిన స్థితి రావచ్చు.

ఇక కట్టు సంగతి. పాదానికీ పిక్కకూ అంటుకునేలా అచ్చుపోసినట్టు వేస్తారు కనుక బరువు ఒకేచోట పడకుండా పంచుకుపోతుంది. మనంతట మనం విప్పలేకపోవడమే దాని అసలు గుణం. వాపు దిగగానే వదులవుతుంది కాబట్టి నాకు మూడో రోజున మార్చారు, తర్వాత వారానికోసారి మార్చారు. వదులైన కట్టు రాసుకుని పుండు పడినా మనకు తెలియదు. అందుకని వాసన, తడి, జ్వరం, కారణం లేకుండా పెరిగే షుగరు, వీటిలో ఏది కనబడినా వారం నిండేదాకా ఆగకుండా వెళ్లమన్నారు. రక్తప్రసరణ బాగా తగ్గిన కాలికి, లోతైన ఇన్ఫెక్షన్ ఉన్న కాలికి ఈ కట్టు వేయరు కాబట్టి ముందే ఆ పరీక్షలు చేశారు. నాకు కలిగిన పెద్ద ఇబ్బంది నడుము నొప్పి. కట్టు కాలు ఎత్తు కావడంతో రెండో కాలి చెప్పు కింద అట్ట వేయించుకున్నాక అది తగ్గింది. భారం పడే ఆ రెండో పాదాన్ని కూడా ప్రతి రాత్రీ చూసుకోవాలి.

నాలుగో నెలలో తేడా 1.4 డిగ్రీలకు దిగింది. సంబరపడి కట్టు తీసేయమని అడిగాను. వరుసగా కొన్ని వారాలు అలాగే నిలిచి, ఎక్స్‌రేలో ఎముకలు కుదురుకుంటేనే తీస్తామన్నారు. ఐదున్నర నెలలు పట్టింది. ఆ తరువాత ఇచ్చిన విప్పుకోగల బూటు సుఖంగానే ఉంది గానీ, రాత్రి స్నానాలగదికి వెళ్లేటప్పుడు వదిలేయాలనిపించడమే దాని లోపం. నేను రెండుసార్లు వదిలేశాను, రెండోసారి తేడా మళ్లీ 2.3కు ఎక్కింది, పది రోజులు కాలు మోపకుండా కూర్చోవలసి వచ్చింది. ఇప్పుడు వాడుతున్నది నా పాదం అచ్చు తీసి చేయించిన బూటు, అడుగు గుండ్రంగా ఉంటుంది. కూలిన వంపు మాత్రం తిరిగి రాలేదు.

థర్మామీటరు కొనేవారు ఒక సంగతి గమనించాలి. నుదుటి దగ్గర పెట్టి జ్వరం చూసే రకం, శరీరం అమరికలో ఉంటే అంకెను సవరించి చూపిస్తుంది. వస్తువుల ఉపరితలం అమరికకు మార్చి వాడాలి. పొద్దున్నే, చెప్పులు విప్పి పదిహేను నిమిషాలు ఆగాక, రెండు పాదాల మీదా అవే చోట్ల కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నాను. ఈ ఉదయం తేడా 0.6.