లిక్విఫైతో ఎనిమిదేళ్లు: నడుము తగ్గాలి, స్తంభం వంగకూడదు

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. ఎనిమిదేళ్లుగా ఫొటోషాప్‌లో లిక్విఫై తెరవని రోజు తక్కువ. "కొంచెం సన్నగా చెయ్యన్నా" అని అడగని పెళ్లికూతురు ఇంకా తక్కువ.

మొదటి ఏడాది మండపం స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డ ఒకమ్మాయి నడుము తగ్గించి, ఆ హడావిడిలోనే ప్రింట్‌కి పంపేశాను. ఆల్బమ్ చూసి వాళ్ల మేనమామ, "ఏం బాబూ, స్తంభం కూడా అక్షింతలు వేయడానికి వంగిందా?" అన్నాడు. ఆ షీట్ మళ్లీ నా డబ్బుతోనే వేయించాను.

లిక్విఫైకి మనిషెవరో స్తంభమేదో తెలియదు. బ్రష్ కింద ఉన్నదంతా కలిపి జరుపుతుంది. నడుము లోపలికి వెళ్తే, ఆ చోటులోకి పక్కనున్న స్తంభం సాగి వస్తుంది. Freeze Mask పూస్తే స్తంభం కదలదు, నిజమే. మనిషికీ స్తంభానికీ మధ్య కాస్త ఎడం ఉంటే అది చాలు. ఒంటికి ఆనుకుని ఉంటే మాత్రం మాస్క్ అంచు దగ్గర రంగు సాగి, తడి చేత్తో తుడిచినట్టు మరక పడుతుంది.

అందుకే ఇప్పుడు అలాంటి ఫొటోల్లో స్తంభాన్ని వంగనిస్తాను. ముందు Ctrl+J కొట్టి, కాపీని Smart Object చేసి, దానిమీద లిక్విఫై చేస్తాను. తర్వాత అసలు ఫొటోలో భుజం ఎత్తున తిన్నగా ఉన్న స్తంభం ముక్కను కాపీ చేసి, వంగిన చోట పైన పరుస్తాను. ఒంటిమీదకి వచ్చిన భాగాన్ని లేయర్ మాస్క్‌తో దాచేస్తే అయిపోయినట్టే. వెలుతురు పైనా కిందా ఒకేలా ఉండదు కాబట్టి ముక్క అంచులు మెత్తగా ఉండాలి.

సన్నం చేయడంలో నా హద్దు ఇదీ: నడుము 900 పిక్సెళ్ల వెడల్పు ఉంటే ఒక్కో వైపు 20కి మించి తోయను. Forward Warp బ్రష్ సైజు 700 దగ్గర, Pressure 25 దగ్గర పెడతాను. చిన్న బ్రష్‌తో తోస్తే చీర అంచు గతుకుల రోడ్డులా తయారవుతుంది. నడుము ఒక్కటే తగ్గితే పక్కనున్న చెయ్యి లావుగా కనిపిస్తుంది, కాబట్టి దాన్నీ రవ్వంత తగ్గించాలి. ఆ హద్దు దాటి లాగితే తల పెద్దదైనట్టు ఉంటుంది. పైగా అదే అమ్మాయి ఆల్బమ్‌లో ఇంకో నలభై ఫొటోల్లో ఉంటుంది. ఒకదాంట్లో సన్నగా, పక్కదాంట్లో మామూలుగా ఉంటే ఎవరైనా పట్టేస్తారు. ఫొటోను అద్దంలోలా కుడిఎడమలు తారుమారు చేసి చూస్తే, అలవాటుపడ్డ కంటికి అందని వంకర ఇట్టే దొరుకుతుంది.

ఇప్పటికీ నాకు లొంగనిది వడ్డాణం. దానిమీద గుండ్రటి బిళ్లలు రెండు తోపులకే కోడిగుడ్లవుతాయి. అలాంటి ఫొటోలో నడుము ముట్టను, చేతులు మాత్రం సరిచేసి ఇస్తాను.