జీతం లేటై ఈఎంఐ బౌన్స్ అయిందా? బ్రాంచిలో రాయించే మాఫీ లెటర్‌తో జాగ్రత్త

పర్సనల్ లోన్ ఉన్నవాళ్ళు దయచేసి చదవండి. మా తమ్ముడికి ఎప్పుడూ 1న పడే జీతం ఒక నెల 9న పడింది. 5వ తేదీ ఈఎంఐ రూ.14,200 బౌన్స్ అయింది. బ్యాంకు 7న మళ్ళీ ప్రెజెంట్ చేసింది, అదీ బౌన్సే. 9న జీతం పడగానే కట్టేశాడు.

మాఫీ అడిగితే బ్రాంచిలో "ఆర్థిక ఇబ్బందుల వల్ల కట్టలేకపోయాను, ఛార్జీలన్నీ మాఫీ చేయగలరు" అని రాసివ్వమన్నారు. వాళ్ళు చెప్పినట్టే రాసిచ్చాడు. "పాలసీ ప్రకారం కుదరదు" అని ఒక్క లైన్ మెయిల్ వచ్చింది. అలాంటి లెటర్ ఇవ్వకండి. అందులో తేదీ లేదు, మొత్తం లేదు. పైగా కంపెనీ ఆలస్యం కాస్తా మనం కట్టలేని స్థితిలో ఉన్నట్టు మన సంతకంతోనే రికార్డుకెక్కుతుంది.

తర్వాత లోన్ స్టేట్‌మెంట్ తీయించి చూశాం. బౌన్స్ ఛార్జీ రూ.500 చొప్పున రెండుసార్లు, ఆలస్యానికి వేసే పీనల్ ఛార్జీ రూ.284, దాని మీద జీఎస్టీ రూ.51 ఉన్నాయి. అగ్రిమెంట్‌లో పీనల్ ఛార్జీ ఏడాదికి 24 శాతం, ఆలస్యమైన రోజులకే అని ఉంది. నాలుగు రోజులకు లెక్కేస్తే రూ.37. వీళ్ళు నెలంతటికీ వేశారు. ఇక పీనల్ ఛార్జీల మీద జీఎస్టీ వర్తించదని 2025 జనవరిలోనే కేంద్రం స్పష్టం చేసింది.

అందుకే రెండో లెటర్‌ను రెండు భాగాలుగా రాశాం. మొదటి భాగంలో మాఫీ అనే మాటే లేదు. "అగ్రిమెంట్ ప్రకారం రూ.37 రావాలి. ఎక్కువగా వేసిన రూ.247, జీఎస్టీ రూ.51 రివర్స్ చేయండి" అని లెక్కతో సహా రాశాం. రెండో భాగంలో మాత్రమే రెండో బౌన్స్ ఛార్జీకి మినహాయింపు అడిగాం. జీతం 1న పడుతూ వచ్చినట్టు చూపే ఆరు నెలల స్టేట్‌మెంట్, ఆ నెల ఆలస్యం తమదేనని హెచ్ఆర్ ఇచ్చిన లెటర్, 9న కట్టిన రసీదు జతచేశాం. బ్రాంచిలో ఇచ్చి ఊరుకోకుండా బ్యాంకు ఫిర్యాదుల మెయిల్‌కు పంపి కంప్లయింట్ నంబర్ తీసుకున్నాం.

రివర్స్ అడిగిన రూ.298 మొత్తం వెనక్కి వచ్చింది, రెండో బౌన్స్ రూ.500 కూడా. మొదటి బౌన్స్ ఛార్జీ రూ.500, పీనల్ ఛార్జీ రూ.37 మాత్రం కట్టాల్సిందే. ఈఎంఐ బౌన్స్ అయినందుకు జీతం అకౌంట్ ఉన్న బ్యాంకు విడిగా కోసుకున్న రిటర్న్ ఛార్జీ ఈ లెటర్‌తో రాదు. దానికి ఆ బ్యాంకునే అడగాలి.

ఇంకొకటి చూసుకోండి. 2023 ఆగస్టు 18 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం పీనల్ ఛార్జీని అసలులో కలిపి దాని మీద వడ్డీ వేయకూడదు. తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో అలా కనిపిస్తే అదీ రివర్స్ అడగాల్సిందే. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా, అదే కంప్లయింట్ నంబర్‌తో cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.