వర్క్‌షీట్ ఫోటో దిద్దడం: కీ ముందా, పిల్లల జవాబు ముందా?

పిల్లలు పూర్తిచేసిన వర్క్‌షీట్ ఫోటో వాట్సాప్‌లో వచ్చినప్పుడు, ముందుగా కీ రాసుకుని దిద్దాలా, లేక జవాబును చూస్తూ అక్కడికక్కడే సరిచూసుకుంటే సరిపోతుందా అని తోటి ఉపాధ్యాయులు నన్ను తరచుగా అడుగుతున్నారు. మూడో తరగతి మూడంకెల తీసివేతలను ఉదాహరణగా తీసుకుంటాను.

చూస్తూ దిద్దే పద్ధతి నిస్సందేహంగా త్వరగా ముగుస్తుంది. 503 – 278 కు పిల్లవాడు 225 అని రాస్తే, దానికి 278 కలిపి 503 వచ్చిందని చూసుకుని రైటు పెట్టవచ్చు. అయితే ఫోటోలో ఒక చిక్కు ఉంది. అప్పు తీసుకునేటప్పుడు పిల్లవాడు 5 ను కొట్టివేసి పైన 4 వేస్తాడు. ఫోటో కాస్త మసకగా ఉంటే అచ్చులో ఉన్న అంకె ఏదో, అతడు వేసినది ఏదో తెలియదు. ప్రశ్ననే తప్పుగా చదివితే సరైన జవాబుకు ఇంటూ పడుతుంది. అందువల్ల కీని ఫోటో నుంచి కాకుండా, ఖాళీ వర్క్‌షీట్ నుంచే తయారుచేసుకోవాలి.

కీ పద్ధతిలోనూ లోపం లేకపోలేదు. సరైన జవాబు 246 అని ముందే తెలిస్తే, 6 లాగానూ 0 లాగానూ కనిపించే అంకెను మన కన్ను 6 గానే చదువుతుంది. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే వస్తుంది: లెక్క చేయడం కన్నా చదవడంలోనే ఎక్కువగా పొరబడతాం. కాబట్టి నేను కీని చూడకుండా దూరంగా ఉంచి, రైటు తప్పుల ఆలోచన లేకుండా, పిల్లవాడు రాసిన జవాబులను ఒక కాగితంపై వరుసగా ఎత్తి రాసుకుంటాను; ఆ తర్వాతే కీతో పోలుస్తాను. పది లెక్కలకు రెండు మూడు నిమిషాలు అదనంగా పడుతుంది, కానీ ఆ వరుస మరొక విషయం కూడా చూపుతుంది. 503 – 278 కు 375, 402 – 156 కు 354, 700 – 364 కు 464 అని ఉన్నాయనుకుందాం. విడివిడిగా దిద్దితే ఇవి మూడు ఇంటూలు మాత్రమే. పక్కపక్కన పెట్టి చూస్తే, అప్పు తీసుకోవలసిన ప్రతిచోటా పిల్లవాడు పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసివేస్తున్నాడని, అంటే తప్పు ఒక్కటేనని తెలుస్తుంది.

గుణకారాలకు అంకెల మొత్తంతో సరిచూడడం కొందరికి అలవాటు. 36 × 27 కు 972 బదులు 927 రాసినా అంకెల మొత్తం మారదు, ఆ పరీక్షలో నెగ్గుతుంది కనుక దానితో రైటు పెట్టలేము.

ఎంత చూసినా తేలని అంకె మిగిలితే, అదే పిల్లవాడు ఇతర జవాబులలో ఆ అంకెను ఎలా రాశాడో ముందుగా చూస్తాను. అప్పటికీ తేలకపోతే రైటూ ఇంటూ పెట్టకుండా ప్రశ్నార్థకం వేసి, మరునాడు ఆ జవాబును అతడినే పైకి చదవమంటాను. అది ఆరేనా అని మాత్రం అడగను, ఎందుకంటే అలా అడిగితే జవాబు నేనే అందించినట్లవుతుంది.